గ్రేడ్ 5 థియరీ: ఇంటర్వల్ డ్రిల్‌కి నేను చేసిన జవాబుల పట్టికే తప్పా?

హబ్సిగూడ అమ్మ | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, పియానో నేర్చుకుంటోంది. ఏబీఆర్‌ఎస్‌ఎం వాళ్ల గ్రేడ్ 6 ప్రాక్టికల్‌కి వెళ్లాలని గ్రేడ్ 5 థియరీకి కట్టాం. టీచరు చెప్పిన నోట్సు లాంగ్‌బుక్కులో నలభై పేజీలు ఉంది. చదవమంటే చదువుతుంది, ప్రశ్న అడిగితే నీళ్లు నములుతుంది. అందుకని ఆ నోట్సునే నేను డ్రిల్ షీట్లుగా మార్చాను. ఇంటర్వల్స్‌కి ఇరవై ప్రశ్నలు, స్కేల్స్‌కి పది, రిథమ్‌కి పది. నేను అకౌంట్స్‌లో పనిచేస్తాను, నాకు సంగీతం రాదు, ఎక్సెల్ వచ్చు. నోట్సులో "ఎన్ని సెమిటోన్లయితే ఏ ఇంటర్వల్" అన్న పట్టిక ఒకటుంటే దాన్ని ఎక్సెల్‌లో పెట్టి, జవాబులన్నీ దానంతట అదే వచ్చేలా చేశాను.

నిన్న గొడవైంది. ఏడో ప్రశ్న: కింద ఇ ఫ్లాట్, పైన ఎఫ్ షార్ప్. అమ్మాయి "ఆగ్మెంటెడ్ సెకండ్" అని రాసింది. నా పట్టికలో "మైనర్ థర్డ్" అని ఉంది. ఎర్ర ఇంకుతో కొట్టేశాను. అది ఒప్పుకోదు. కీబోర్డు దగ్గరికి తీసుకెళ్లి ఒక్కొక్క మెట్టూ నొక్కి చూపించాను, మూడే సెమిటోన్లు. "మూడే మమ్మీ, అయినా అది థర్డ్ కాదు" అని పుస్తకం మూసేసి వెళ్లిపోయింది. ఎవరిది తప్పు?

గిటార్ శీను | 9:52

అక్కా, మీ పట్టిక కరెక్టే ఉంది. గిటార్ మీద ఒక్క తీగ పట్టుకొని మూడు ఫ్రెట్లు ముందుకు పోతే మైనర్ థర్డే. ఇ ఫ్లాట్ నుంచి ఎఫ్ షార్ప్ అంటే ఇ ఫ్లాట్ నుంచి జి ఫ్లాట్ అన్నట్టే గదా. ఒక్కటే సౌండు, రెండు పేర్లు. పరీక్షల రెండూ ఒప్పుకుంటరు.

తార్నాక వయొలిన్ | 10:15

శీనూ, సౌండు ఒకటే అన్నది నిజం. పరీక్షలో రెండూ ఒప్పుకుంటారన్నది నిజం కాదు. అమ్మా, మీ అమ్మాయి రాసిందే సరైనది. ఆ ఎర్ర ఇంకు వెనక్కి తీసుకోండి.

ఇంటర్వల్ పేరులో రెండు ముక్కలుంటాయి. సెకండ్, థర్డ్ అనే అంకె కాగితం మీది అక్షరాలను బట్టి వస్తుంది. కింది అక్షరాన్ని కూడా కలుపుకుని లెక్కపెట్టాలి. ఇ, ఎఫ్. రెండే అక్షరాలు, కాబట్టి అది సెకండ్. షార్పులూ ఫ్లాట్లూ ఎన్ని తగిలించినా అది సెకండే. మేజర్, మైనర్, ఆగ్మెంటెడ్ అనే గుణం మాత్రం సెమిటోన్లను బట్టి వస్తుంది. మేజర్ సెకండ్‌కి రెండు సెమిటోన్లుంటాయి. ఇక్కడ మూడున్నాయి, ఒకటి ఎక్కువ, కనుక ఆగ్మెంటెడ్. శీను చెప్పిన జి ఫ్లాట్ కాగితం మీద రాసి ఉంటే అప్పుడు ఇ, ఎఫ్, జి అని మూడక్షరాలై మైనర్ థర్డ్ అయ్యేది. కానీ ప్రశ్నలో ఉన్నది ఎఫ్ షార్ప్.

మీ ఎక్సెల్ సెమిటోన్లు మాత్రమే చూస్తోంది, అక్షరాలు చూడటం లేదు. అంటే ఈ ఏడో ప్రశ్న ఒక్కటే కాదు, ఇంకా కొన్ని తప్పే ఉంటాయి. ఎఫ్ నుంచి బి, బి నుంచి ఎఫ్ మీ షీటులో ఉన్నాయా? వాటికి ఏమొచ్చిందో చెప్పండి.

హబ్సిగూడ అమ్మ | 10:31

ఉన్నాయండీ. రెంటికీ "ట్రైటోన్" అని వచ్చింది. నోట్సులో ఆరు సెమిటోన్ల పక్కన అదే రాసుంది. అమ్మాయి మొదటిదానికి ఆగ్మెంటెడ్ ఫోర్త్, రెండోదానికి డిమినిష్డ్ ఫిఫ్త్ అని రాసింది. పదం వేరు కదా అని ఆ రెండూ కూడా కొట్టేశాను. ఇప్పుడు దాని గదిలోకి వెళ్లాలంటే భయంగా ఉంది.

మియాపూర్ నాన్న | 10:38

మంచి టాపిక్ మేడం. మా వాడికి కూడా ఇంటర్వల్ పెట్టే డ్రిల్ చేయిస్తున్నాం. 25 నిమిషాలు ప్రాక్టీసు, 5 నిమిషాలు ఇంటర్వల్. ఫోన్‌లో అలారం పెట్టుకున్నాం. మీరు ఎంతసేపు ఇస్తున్నారు?

గిటార్ శీను | 10:41

అన్నా, అది సినిమా ఇంటర్వల్ కాదే 😂

చిక్కడపల్లి గాయని | ఆదివారం ఉదయం 6:20

పొద్దున్నే సాధకానికి కూర్చుంటూ ఇదంతా చదివాను. అమ్మా, పాశ్చాత్య సంగీతం నాకు తెలియదు. అయినా మీ అమ్మాయి వాదన మాకు కొత్తది కాదు. మాకు స్వరస్థానాలు పన్నెండే, పేర్లు మాత్రం పదహారు. షట్‌శ్రుతి రిషభం, సాధారణ గాంధారం పలికేది ఒకే చోట. నాట రాగంలో ఆ స్వరాన్ని రిషభమే అనాలి, ఎందుకంటే గాంధారం స్థానంలో అప్పటికే అంతర గాంధారం కూర్చుంది. ఒకే ఆరోహణలో ఇద్దరు గాంధారాలు, రిషభం ఖాళీ అంటే మేళం లెక్క కుదరదు. పేరు చెవి చెప్పదు, వరుస చెబుతుంది. మీ ఎఫ్ షార్ప్, జి ఫ్లాట్ గోల కూడా ఇదేనా?

తార్నాక వయొలిన్ | 7:05

అక్షరాలా ఇదేనండీ. పైగా ఆ ఏడో ప్రశ్నకి మీ దగ్గరే ఇంకో జవాబుంది. ఇ ఫ్లాట్, ఎఫ్ షార్ప్ రెండూ పక్కపక్కన వచ్చేది జి హార్మోనిక్ మైనర్‌లో. జి, ఏ, బి ఫ్లాట్, సి, డి, ఇ ఫ్లాట్, ఎఫ్ షార్ప్, జి. ఆరో మెట్టుకీ ఏడో మెట్టుకీ మధ్య ఆ మూడు సెమిటోన్ల అంగ ఉంటుంది.

చిక్కడపల్లి గాయని | 7:12

అది కీరవాణి! జి దగ్గర షడ్జం పెట్టుకుంటే శుద్ధ ధైవతం నుంచి కాకలి నిషాదానికి వేసే దూకు. అయితే పిల్లకి కీరవాణి ఆరోహణ నేర్పిస్తే హార్మోనిక్ మైనర్ స్కేళ్లన్నీ వచ్చేసినట్టే కదా. షడ్జం మార్చుకుంటూ పోతే సరి.

తార్నాక వయొలిన్ | 7:40

సగం వచ్చినట్టు. చెవికి మొత్తం వస్తుంది, కాగితానికి రాదు. మన పద్ధతిలో షడ్జం ఎక్కడ పెట్టినా అది "స"యే, రాతలో ఏమీ మారదు. ఇక్కడ ప్రతి షడ్జానికీ అక్షరాలు మారతాయి. ఎఫ్ షార్ప్ హార్మోనిక్ మైనర్ తీసుకోండి. పిల్లలు కీరవాణి చక్కగా పాడి, కీబోర్డు మీద వెతుక్కుని, ఏడో స్వరం దగ్గర "ఎఫ్" అని రాస్తారు. తెల్ల మెట్టు అదే కాబట్టి. అక్కడ రాయాల్సింది ఇ షార్ప్. ఎఫ్ షార్ప్, జి షార్ప్, ఏ, బి, సి షార్ప్, డి, ఇ షార్ప్, మళ్లీ ఎఫ్ షార్ప్. ఎఫ్ అని రాస్తే ఎఫ్ రెండు సార్లు వచ్చి, ఇ అసలు లేకుండా పోతుంది. మీరన్న ఇద్దరు గాంధారాల కథే.

హబ్సిగూడ అమ్మగారూ, మీ స్కేల్ షీటులో ఈ స్కేల్ ఉంటే జవాబు చూసుకోండి.

హబ్సిగూడ అమ్మ | 8:15

ఉంది. "ఎఫ్" అనే ఉంది. కీబోర్డు చూసి నేనే నింపాను. అమ్మాయి కూడా ఎఫ్ అనే రాసింది, టిక్కు పెట్టాను. అంటే రైటుని కొట్టేసి, తప్పుకి మార్కులేశానన్నమాట. ఈ ఎక్సెల్‌ని బాగుచెయ్యొచ్చా, లేక పారేసి చేత్తో రాసుకోవాలా?

కూకట్‌పల్లి కోడర్ | 11:30

పారేయక్కర్లేదు మేడం. నేను సంగీతం మనిషిని కాదు, మా ఆవిడ కీబోర్డ్ నేర్చుకుంటుంటే ఇలాంటి షీటే ఒకటి చేశాను. మీ షీటులో ఒక కాలమ్ తక్కువైంది, అంతే. A కాలమ్‌లో అక్షరాల లెక్క పెట్టండి, రెండైతే 2, మూడైతే 3. B లో సెమిటోన్లు. C లో ఇది వేయండి:

```
=B2-CHOOSE(A2,0,2,4,5,7,9,11,12)
```

ఆ వరుసలో ఉన్నవి మేజర్ స్కేల్‌లో మొదటి స్వరం నుంచి ఒక్కోదానికి ఉన్న దూరాలు. ఏడో ప్రశ్నకి A లో 2, B లో 3, జవాబు 1 వస్తుంది, అంటే మేజర్ కన్నా ఒకటి ఎక్కువ, ఆగ్మెంటెడ్. ఎఫ్ నుంచి బి వరకు 4, 6 పెడితే 1. బి నుంచి ఎఫ్ వరకు 5, 6 పెడితే మైనస్ 1.

తార్నాక వయొలిన్ | 11:55

బాగుంది. కానీ మైనస్ 1 అంటే ఎప్పుడూ ఒకే పేరు కాదు. సెకండ్, థర్డ్, సిక్స్త్, సెవెంత్‌లకి మైనస్ 1 అంటే మైనర్, మైనస్ 2 అంటే డిమినిష్డ్. ఫోర్త్, ఫిఫ్త్, ఆక్టేవ్‌లకి మైనర్ అనేదే లేదు. వాటికి సున్నా అయితే పర్ఫెక్ట్, మైనస్ 1 అయితే నేరుగా డిమినిష్డ్. ఈ తేడా షీటులో పెట్టకపోతే "మైనర్ ఫిఫ్త్" అనే వింత పుడుతుంది. నేను నిజంగానే ఒక పిల్లవాడి పేపరులో చూశాను.

కూకట్‌పల్లి కోడర్ | 12:10

కరెక్ట్ సార్, అందుకు ఒక IF పెట్టుకోవాలి. ఇంకో చోట కూడా నేను దెబ్బతిన్నాను. సెమిటోన్లు లెక్కపెట్టడానికి సి కి 0, బి కి 11 అని నంబర్లిచ్చి, పైదాంట్లోంచి కిందిది తీసేసి, మైనస్ వస్తే 12 కలుపుతున్నాను. బి షార్ప్‌ని సి తో సమానమే కదా అని 0 పెట్టాను. సి నుంచి బి షార్ప్ ఇస్తే C కాలమ్‌లో మైనస్ 11 వచ్చింది! బి షార్ప్‌కి 12, సి ఫ్లాట్‌కి మైనస్ 1 పెట్టాకే కుదుటపడింది. అక్కడ కూడా అక్షరమే గెలిచింది.

హబ్సిగూడ అమ్మ | మధ్యాహ్నం 3:20

కూర్చుని మొత్తం మళ్లీ చేశాను. ఇరవైలో నా పాత జవాబులు ఆరు తప్పు. కొత్త పట్టిక నమ్మొచ్చా లేదా అన్నది నాకు ఎలా తెలుస్తుంది? సంగీతం రానివాళ్లు సరిచూసుకునే దారి ఏదైనా ఉందా? మా ఆఫీసులో డెబిట్, క్రెడిట్ కలవకపోతే తెలిసిపోతుంది, అలాంటిది.

తార్నాక వయొలిన్ | 4:45

ఉంది, దాదాపు అలాంటిదే. కింది స్వరాన్ని ఒక ఆక్టేవ్ పైకి తీసుకెళ్లి, తిరగేసిన ఇంటర్వల్‌ని పక్కనే విడిగా లెక్కకట్టండి. రెండు అంకెలు కలిపితే 9 రావాలి, సెమిటోన్లు కలిపితే 12 రావాలి. మేజర్ తిరగబడితే మైనర్, ఆగ్మెంటెడ్ తిరగబడితే డిమినిష్డ్, పర్ఫెక్ట్ మాత్రం పర్ఫెక్ట్‌గానే ఉంటుంది. ఏడో ప్రశ్న తిరగేస్తే ఎఫ్ షార్ప్ నుంచి ఇ ఫ్లాట్. ఎఫ్, జి, ఏ, బి, సి, డి, ఇ, ఏడక్షరాలు, తొమ్మిది సెమిటోన్లు, డిమినిష్డ్ సెవెంత్. రెండూ ఏడూ తొమ్మిది, మూడూ తొమ్మిదీ పన్నెండు. కలిసింది. మీ పాత జవాబు మైనర్ థర్డ్ పక్కన ఇది పెట్టి చూడండి, మూడూ ఏడూ పది. అక్కడే పట్టుబడేది. ఆక్టేవ్ దాటిన కాంపౌండ్ వాటికి ముందు ఒక ఆక్టేవ్ తగ్గించుకుని తర్వాత చూడాలి, లేకపోతే కలవదు.

ఇంకొక మాట. ఇది ఆన్‌లైన్ పరీక్ష, 75 మార్కులకి 50 వస్తే పాస్. ఆప్షన్లలోంచి ఎంచుకునేవి చాలా ఉంటాయి. మీ డ్రిల్‌లో ఆప్షన్లు ఇస్తే తప్పు ఆప్షన్లు తోచినవి పెట్టకండి. ఏడో ప్రశ్నకి ఆగ్మెంటెడ్ సెకండ్‌తో పాటు మైనర్ థర్డ్, మేజర్ సెకండ్, మైనర్ సెకండ్ పెట్టండి. మైనర్ థర్డ్ ఎంచుకుంటే మెట్లు మాత్రమే లెక్కపెట్టిందని అర్థం. మేజర్ సెకండ్ అంటే ఎఫ్ ముందున్న షార్ప్ చూడలేదు. మైనర్ సెకండ్ అంటే ఆ షార్పూ చూడలేదు, కీ సిగ్నేచర్‌లో ఉన్న ఇ ఫ్లాటూ మరిచిపోయింది. జవాబుల పట్టికలో ఇదంతా రాసి పెట్టుకుంటే, ఎక్కడ పొరబడిందో అడగకుండానే మీకు తెలుస్తుంది.

రిటైర్డ్ హెడ్మాస్టర్, సికింద్రాబాద్ | 6:30

మా రోజుల్లో ఆప్షన్లూ గీప్షన్లూ లేవు. కాగితం, పెన్సిలు, రబ్బరు. గ్రేడ్ 5కి ఎనిమిది బార్ల మెలొడీ సొంతంగా కట్టమనేవారు. 2018లో అది తీసేశారు. అది పోవడం నాకు ఇప్పటికీ నచ్చలేదు. రాసినవాడికి రాకుండా పోదు. అమ్మా, ఎంచుకోవడమే కాక స్టాఫ్ నోట్‌బుక్కులో చేత్తో కూడా వేయించు.

గిటార్ శీను | 6:48

సరే, ఇంటర్వల్ల నేను ఓడిన. రిథమ్ షీటు కూడా చూపియ్యి అక్కా, అండ్ల నేను స్ట్రాంగ్.

హబ్సిగూడ అమ్మ | 7:10

రిథమ్‌లో ఒకదాని మీద అనుమానం ఉంది. ప్రశ్న: బార్‌లో మొదట ఒక క్రోచెట్ ఉంది, మిగతాది రెస్టులతో నింపాలి. ఇదే 3/4లో ఒకసారి, 6/8లో ఒకసారి ఇచ్చాను. రెండు బార్లలోనూ ఆరు క్వేవర్లే కదా, మిగిలేది నాలుగు క్వేవర్ల ఖాళీ. కనుక జవాబు రెంటికీ ఒకటే అని "రెండు క్రోచెట్ రెస్టులు" అని రాశాను.

గిటార్ శీను | 7:15

కరెక్టే. ఆరు అంటే ఆరే. 3/4, 6/8 రెండూ ఒక్కటే.

చిక్కడపల్లి గాయని | 7:50

ఇది మాత్రం నేను చెబుతాను బాబూ! ఆరక్షరాలే, కానీ "తక తక తక" వేరు, "తకిట తకిట" వేరు. చేత్తో తాళం వేసి చూడు, మొదటిదానికి మూడు దెబ్బలు, రెండోదానికి రెండు.

తార్నాక వయొలిన్ | 8:20

ఇంతకన్నా బాగా నేను చెప్పలేను. ఇక ఆ తక, తకిటలతోనే జవాబు రాబడదాం. క్రోచెట్ అంటే రెండక్షరాలు, రెండు చోట్లా మొదటి రెండక్షరాలు దానితో అయిపోయాయి. 3/4లో ఇంకా రెండు "తక"లు మిగిలాయి, ఒక్కోదానికి ఒక క్రోచెట్ రెస్ట్. కలిపి ఒక మినిమ్ రెస్ట్ పెట్టకూడదు, బీట్లు కనబడకుండా పోతాయి. 6/8లో మొదటి "తకిట"లో "ట" ఒక్కటే మిగిలింది. ముందు దానికి ఒక క్వేవర్ రెస్ట్ పెట్టి ఆ బీటు పూర్తి చెయ్యాలి. తర్వాత రెండో "తకిట" మొత్తానికి ఒక డాటెడ్ క్రోచెట్ రెస్ట్. మీరు 6/8లో రాసినట్టు రెండు క్రోచెట్ రెస్టులు పెడితే మొదటిది "ట" దగ్గర మొదలై రెండో బీటులోకి కాలు పెడుతుంది. అదే తప్పు.

గిటార్ శీను | 8:31

ఇది కూడా పోయింది 🙏 నేను స్ట్రమ్మింగ్ చేసేటప్పుడు చెయ్యి దానంతటదే తకిట తకిట కొడ్తది, మరి రాసేటప్పుడు ఎందుకు తోచదో.

రిటైర్డ్ హెడ్మాస్టర్, సికింద్రాబాద్ | 8:55

రెండో బీటుకి డాటెడ్ క్రోచెట్ రెస్టే రాయాలి. క్రోచెట్ రెస్ట్, క్వేవర్ రెస్ట్ అని రెండు ముక్కలు చేస్తే నేను మార్కు ఇవ్వను.

తార్నాక వయొలిన్ | 9:10

సార్, ఆ రెండు ముక్కలు కూడా అచ్చులో చూస్తూనే ఉన్నాం. బీటు దాటలేదు కాబట్టి నేనైతే రెండూ ఒప్పుకుంటాను. వరుస మాత్రం పెద్దది ముందు, చిన్నది తర్వాత.

రిటైర్డ్ హెడ్మాస్టర్, సికింద్రాబాద్ | 9:14

నీ విద్యార్థులకి నువ్వు ఒప్పుకో నాయనా.

హబ్సిగూడ అమ్మ | 10:05

జవాబుల పట్టికలో రెండూ రాసి, పక్కన "మాస్టారు ఒప్పుకోరు" అని పెట్టాను. కొత్త షీటు ప్రింటు తీసి అమ్మాయికి ఇచ్చాను, పాతవాటికి సారీ కూడా చెప్పాను. ఇంటర్వల్స్‌లో ఇరవైకి పదిహేడు వచ్చాయి. తప్పయిన మూడూ ఒకే రకం: కింది స్వరానికి షార్ప్ ఉన్నవి. జి షార్ప్ నుంచి ఇ కి మేజర్ సిక్స్త్ అంది. జి షార్ప్ మేజర్ స్కేల్ తనకి రాదట, అందుకని ఊహించేసిందట.

తార్నాక వయొలిన్ | 10:20

ఆ స్కేల్ రావక్కర్లేదు. రెంటినీ ఒక సెమిటోన్ దించమనండి. జి, ఇ ఫ్లాట్. జి మేజర్ తనకి వచ్చు, అందులో ఇ మామూలు ఇ, జి నుంచి ఇ మేజర్ సిక్స్త్. ఇక్కడ ఇ ఫ్లాట్ కాబట్టి ఒకటి తగ్గి మైనర్ సిక్స్త్. అక్షరాలు మారలేదు, దూరం మారలేదు, కాబట్టి జవాబూ మారదు.

హబ్సిగూడ అమ్మ | 10:42

చెప్పాను. మూడూ సరిచేసుకుంది. తర్వాత నా కొత్త పట్టిక లాక్కుని మొత్తం తిరగేసి చూసి, పద్నాలుగో దాంట్లో నేను అక్షరాలు లెక్కపెట్టేటప్పుడు కింది అక్షరాన్ని కలపలేదని పట్టుకుంది. ఎర్ర పెన్ను అడిగి తీసుకుని, దాని మీద పెద్ద ఇంటూ గీసింది.

మియాపూర్ నాన్న | 10:50

అయితే మేడం, మధ్యలో బ్రేక్ అసలు ఇవ్వట్లేదా?